ఎడమ నుంచి గీస్తే గీత మాయం, కుడి నుంచి గీస్తే కనిపిస్తోంది: కోహెన్-సదర్లాండ్ క్లిప్పింగ్‌లో తప్పెక్కడ?

సన్నగీత

అందరికీ నమస్కారం. సి భాషలో గీతల్ని విండోకి కత్తిరించే ఫంక్షన్ రాశాను. కోహెన్-సదర్లాండ్ పద్ధతే. ప్రతి కొసకీ నాలుగు బిట్ల కోడ్ ఇవ్వడం, రెండు కోడ్‌లూ సున్నా అయితే గీతని ఉన్నదున్నట్టు తీసుకోవడం, రెండింటిలో ఒకే బిట్ ఉంటే వదిలేయడం, లేకపోతే అంచు దగ్గర కోసి మళ్లీ చూడడం. విండో x 100 నుంచి 300 వరకు, y 100 నుంచి 200 వరకు. y పైకి పెరుగుతుంది. అంకెలన్నీ double.

మూడు రోజులుగా దీనితోనే కూర్చున్నాను. (40,80) నుంచి (340,230) వరకు గీస్తే ఏమీ కనిపించడం లేదు. అదే గీతని తిప్పి (340,230) నుంచి (40,80) వరకు గీస్తే చక్కగా వస్తోంది. గీత ఒక్కటే కదా, దిక్కు మారితే ఫలితం ఎందుకు మారాలి? ఖండన బిందువుల సూత్రాలు కాగితం మీద నాలుగు సార్లు చూసుకున్నాను, తప్పు దొరకలేదు.

బైనరీబాబు

మీ గీత రెండు కొసలూ విండో బయటే ఉన్నాయి కదండీ. రెండూ బయట ఉంటే వదిలేయాలి. కాబట్టి మొదటిసారి మాయమవడమే సరైనది, తిప్పినప్పుడు కనిపించడమే తప్పు. కోడ్‌ల AND చూడండి, అక్కడే తేలిపోతుంది.

అంచుదగ్గర

బైనరీబాబు గారూ, AND చూడమన్నారు, అది సరైన మాట. కానీ రెండూ బయట ఉంటే వదిలేయాలన్నది మాత్రం సరికాదు. రెండు కొసలూ *ఒకే వైపు* బయట ఉంటేనే వదలాలి. ఇక్కడ మొదటి కొస ఎడమకీ కిందకీ ఉంది, రెండోది కుడికీ పైకీ ఉంది. 0101, 1010. ఉమ్మడి బిట్ ఒక్కటీ లేదు. కాబట్టి ఈ గీత గురించి కోడ్‌లు ఇంకా ఏమీ చెప్పలేదు, కోసి చూడాల్సిందే.

చేత్తో కోద్దాం. వాలు 150/300, అంటే 0.5. y = 100 దగ్గర x = 80, అది ఇంకా ఎడమ బయటే. x = 100 దగ్గర y = 110, లోపలికి వచ్చేసింది. అటు కొస దగ్గర y = 200 అయితే x = 280, అదీ లోపలే. కాబట్టి (100,110) నుంచి (280,200) వరకు కనిపించాలి. సన్నగీత గారికి తిప్పినప్పుడు వచ్చినదే సరైన జవాబు.

సన్నగీత గారూ, కోడ్ పెట్టే ముందు ఒక సంగతి చెప్పండి. పూర్తిగా విండో బయట ఉండే గీతలు గీసి చూశారా? కుడి పక్కన ఉన్నవి కొన్ని, పైన, కింద, ఎడమ పక్కన ఉన్నవి కొన్ని. వాటి వల్ల తెర మీద ఏమైనా కనిపిస్తోందా?

రంగులపెట్టె

నాకూ ఇదే సమస్య! త్రిభుజాన్ని విండోకి కత్తిరించాక రంగు నింపితే, రంగు బయటికి కారిపోతోంది. మూడు గీతల్నీ విడివిడిగా ఇదే పద్ధతిలో కత్తిరించాను. కత్తిరించాక త్రిభుజం మూసుకోవడం లేదు, విండో అంచు మీద ఖాళీ మిగిలిపోతోంది. ఎవరైనా చెప్పగలరా?

అంచుదగ్గర

రంగులపెట్టె గారూ, మీది వేరే సమస్యండీ. గీతల్ని విడిగా కత్తిరిస్తే అంచు మీద వచ్చే కొత్త భుజాన్ని ఎవరూ గీయరు, అందుకే ఖాళీ మిగులుతోంది. బొమ్మ మొత్తాన్ని ఒక అంచు తర్వాత ఒక అంచుకి కత్తిరించే సదర్లాండ్-హాడ్జ్‌మన్ పద్ధతి మీకు కావాలి. వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడికి వచ్చి రాస్తాను.

సన్నగీత

అంచుదగ్గర గారూ, మీరు అడిగాక చూశాను. వింతగా ఉంది. కుడి బయట (320,120) నుంచి (400,160) వరకు గీస్తే విండో కుడి అంచు మీద ఒక చుక్క పడుతోంది. చాలా గీతలు గీస్తే కుడి అంచు మీద, పై అంచు మీద, కింది అంచు మీద చుక్కలు వరసగా కనిపిస్తున్నాయి. ఎడమ అంచు మీద మాత్రం ఒక్కటీ లేదు. ముందు కూడా ఆ చుక్కలు కనిపించాయి గానీ, వేరే గీతల కొసలు అనుకున్నాను.

ఇంకోటి. కుడి బయట నిలువు గీత (320,120) నుంచి (320,160) గీసి అంకెలు ప్రింట్ చేస్తే `nan` అని వచ్చింది.

అంచుదగ్గర

ఎడమ అంచు మీద ఒక్క చుక్కా లేదన్నారు చూడండి, అదే అసలు ఆధారం. మీ కోడ్ చూడకుండానే రెండు ఊహలు చెబుతాను. మీ కోడ్‌లో LEFT విలువ 1. వదిలేయాలా వద్దా అని చూసే వరసలో `&` పక్కనే `!=` ఉంది, మధ్యలో బ్రాకెట్లు లేవు. ఆ లూప్ మొదటి వరసలు పెట్టండి.

సన్నగీత

```c
enum { LEFT = 1, RIGHT = 2, BOTTOM = 4, TOP = 8 };

for (;;) {
    if (!c0 && !c1) return 1;
    if (c0 & c1 != 0) return 0;
    int c = c0 ? c0 : c1;
    /* TOP, BOTTOM, RIGHT, LEFT */
```

రెండూ నిజమే! ఎలా కనిపెట్టారండీ? ఆ వరస నాకు ఇప్పటికీ సరిగ్గానే అనిపిస్తోంది. c0, c1 ఉమ్మడి బిట్లు సున్నా కాకపోతే వదిలెయ్, అనే కదా దాని అర్థం?

అంచుదగ్గర

మనం అలా చదువుతాం, సి కంపైలర్ అలా చదవదు. సి భాషలో `!=` కి `&` కన్నా ముందు వంతు. కాబట్టి మీ వరస అసలు అర్థం ఇది:

```c
if (c0 & (c1 != 0)) return 0;
```

`c1 != 0` నిజమైతే దాని విలువ 1. 1 అంటే మీ LEFT బిట్. అంటే మీ కోడ్ అడుగుతున్న ప్రశ్న "రెండు కొసలూ ఒకే వైపు ఉన్నాయా" కాదు. "మొదటి కొస ఎడమ బయట ఉండి, రెండోది ఎక్కడో ఒక చోట బయట ఉందా" అని అడుగుతోంది.

ఇప్పుడు మీరు చెప్పినవన్నీ దీనితో సరిపోల్చుకోండి. (40,80) నుంచి మొదలైతే c0 లో LEFT ఉంది, c1 సున్నా కాదు. గీత వెంటనే పోయింది. తిప్పి గీస్తే c0 = 1010, అందులో LEFT బిట్ లేదు కాబట్టి గీత బతికి బయటపడింది, తర్వాతి కోతలన్నీ సరిగ్గా జరిగాయి. మీ ఖండన సూత్రాల్లో తప్పేమీ లేదు.

కుడి బయటి గీత సంగతి చూద్దాం. రెండు కోడ్‌లూ 2. 2 & 1 సున్నా, కాబట్టి వదలాల్సిన గీతని వదల్లేదు. (320,120) ని x = 300 దగ్గరకి తెచ్చారు. గీత అక్కడికి రాదు, వెనక్కి పొడిగిస్తే వస్తుంది, y = 110. ఆ కొస కోడ్ సున్నా అయింది. తర్వాత (400,160) ని కూడా x = 300 కి తెచ్చారు, అదీ (300,110) కే చేరింది. రెండు కొసలూ ఒకే చోట. అదే మీ చుక్క. పైన, కింద కూడా ఇంతే. ఎడమ వైపు మాత్రం రెండు కోడ్‌లూ 1, 1 & 1 నిజం, కాబట్టి ఆ ఒక్క వైపు పరీక్ష అనుకోకుండా సరిగ్గా పని చేసింది.

`if (c0 & c1) return 0;` అని రాయండి చాలు. ఇంకోటి, `-Wall` పెట్టి కంపైల్ చేసి చూడండి. జీసీసీ సరిగ్గా ఈ వరస దగ్గరే బ్రాకెట్లు పెట్టమని హెచ్చరిస్తుంది.

సన్నగీత

మార్చాను, అన్నీ సరిగ్గా వస్తున్నాయి! `-Wall` తో పాత కోడ్ కూడా కంపైల్ చేశాను, నిజంగానే ఆ వరస మీదే హెచ్చరిక ఉంది. మూడు రోజులు సూత్రాల్లో వెతికాను, చూడాల్సింది అక్కడ కాదన్నమాట. చాలా థాంక్స్ అండీ.

ఒక్క అనుమానం. `nan` కూడా పోయింది. కానీ నేను భాగహారం ముందు సున్నా ఉందా అని ఎక్కడా చూడడం లేదు. నిలువు గీతకి x1 - x0 సున్నా కదా? ఇప్పుడు పోయింది గానీ, రేపు ఇంకో గీతకి వస్తుందేమో అని టెన్షన్‌గా ఉంది.

బైనరీబాబు

ముందే `if (x0 == x1)` అని ఒక పరీక్ష పెట్టి నిలువు గీతల్ని వేరుగా చూసుకోండి. అడ్డ గీతలకీ అలాగే. నేను ఎప్పుడూ అలాగే చేస్తాను.

అంచుదగ్గర

ఆ పరీక్ష అక్కర్లేదు. ఎందుకు అక్కర్లేదో తెలిస్తే ఈ పద్ధతి మీద నమ్మకం కుదురుతుంది.

మీరు x1 - x0 తో భాగించేది ఎప్పుడు? ఒక కొసకి LEFT గానీ RIGHT గానీ ఉన్నప్పుడే. RIGHT అనుకోండి. అప్పటికే AND పరీక్ష దాటి వచ్చారు, అంటే రెండో కొసకి RIGHT లేదు. ఒకటి 300 కన్నా ఎక్కువ, రెండోది 300 లేదా తక్కువ. అలాంటప్పుడు x0, x1 సమానం కావడం కుదరదు. నిలువు గీత కుడి బయట ఉంటే రెండు కొసలకీ RIGHT ఉంటుంది, భాగహారం దాకా రాకుండానే పోతుంది. నిలువు గీత మధ్యలో ఉంటే ఏ కొసకీ LEFT, RIGHT ఉండవు, అప్పుడు y తోనే పని. అడ్డ గీతలకీ ఇదే లెక్క.

అంటే AND పరీక్ష వేగం కోసమే కాదు, తర్వాత వచ్చే భాగహారానికి కాపలా కూడా. మీ కోడ్‌లో ఆ కాపలా లేకపోవడం వల్లే (320,120), (320,160) గీతకి -800 ని సున్నాతో భాగించారు. y మైనస్ అనంతం అయింది, దాన్ని మళ్లీ కోయబోతే x `nan` అయింది. `nan` తో `<`, `>` పోలికలు రెండూ అబద్ధమే కాబట్టి ఆ కొస కోడ్ 0 వచ్చింది, లోపల ఉన్నట్టే లెక్కలోకి వెళ్లిపోయింది. int లతో రాసి ఉంటే చాలా యంత్రాల్లో ప్రోగ్రాం అక్కడే ఆగిపోయేది.

బైనరీబాబు

ఇది నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. అయితే ఇంకో ప్రశ్న. ఉమ్మడి బిట్ లేకపోతే గీత కచ్చితంగా విండోని దాటుతుందనే కదా అర్థం? అలాంటప్పుడు కోశాక మళ్లీ AND పరీక్ష ఎందుకు? లూప్ బయట ఒక్కసారి చూస్తే సరిపోదా?

అంచుదగ్గర

సరిపోదండీ. మూల దగ్గరగా పోయే గీతని తీసుకోండి: (60,180) నుంచి (180,260). మొదటిది ఎడమ బయట, రెండోది పై బయట. 0001, 1000. ఉమ్మడి బిట్ లేదు. కానీ గీత విండోని అసలు తాకదు, ఎడమ-పై మూల బయటి నుంచి పోతుంది.

మొదటి కొసని x = 100 కి తెస్తే y = 206.67 వస్తుంది. అది 200 కన్నా పైన, కాబట్టి కొత్త కోడ్ 1000. ఇప్పుడు రెండు కొసలూ పైనే, AND సున్నా కాదు, వదిలేస్తాం. ఈ పరీక్ష లూప్ లోపల లేకపోతే x = 100 దగ్గరా y = 200 దగ్గరా మార్చి మార్చి కోస్తూనే ఉంటారు, లూప్ ఎప్పటికీ ఆగదు.

మొదటి కోడ్‌లని బట్టి పూర్తిగా తేలేవి రెండే రకాలు: పూర్తిగా లోపల, లేదా పూర్తిగా ఒకే వైపు బయట. మిగతావన్నీ అనుమానాస్పదాలే. వాటిలో కొన్ని విండోని దాటుతాయి, కొన్ని దాటవు.

వేగం_ముఖ్యం

అందుకే నేను దీన్ని వదిలేశాను. ముందు చూసిన (40,80) గీతనే తీసుకోండి, y = 100 దగ్గర చేసిన కోత వృథా. మూడు కోతలు చేస్తే పనికొచ్చినవి రెండు. లియాంగ్-బార్స్కీ పద్ధతిలో అయితే t విలువలతో ముందు తేల్చుకుని చివర్లో ఒక్కసారే బిందువులు లెక్కిస్తాం. పైగా ఈ లూప్‌లో ఎన్ని సార్లు తిరగాలో ముందు తెలియదు, ఇప్పటి ప్రాసెసర్లకి అలాంటి మలుపులు నచ్చవు.

అంచుదగ్గర

వృథా కోత ఉందన్నది నిజమే. ముందు LEFT, RIGHT చూసే క్రమం పెట్టినా పోదు. అప్పుడు (40,80) కొస ఒక్క కోతతో లోపలికి వస్తుంది గానీ, అటు కొస ముందు x = 300 దగ్గర y = 210 కి వచ్చి, మళ్లీ y = 200 దగ్గర కోయాల్సి వస్తుంది. మొత్తం మళ్లీ మూడే.

కానీ మీ గీతలు ఎలాంటివో చూసుకోవాలి. పెద్ద బొమ్మలో చిన్న భాగం చూస్తున్నప్పుడు గీతల్లో ఎక్కువ భాగం పూర్తిగా బయటే ఉంటాయి. బొమ్మ మొత్తం విండోలో పట్టినప్పుడు ఎక్కువ భాగం పూర్తిగా లోపలే ఉంటాయి. ఈ రెండింటిలోనూ పోలికలతోనే పని అయిపోతుంది, ఒక్క భాగహారం కూడా ఉండదు. డానీ కోహెన్, ఐవాన్ సదర్లాండ్ 1967లో విమాన సిమ్యులేటర్ పనిలో దీన్ని తయారు చేసినప్పుడు భాగహారం చాలా ఖరీదైన పని. ఇప్పుడు అంత కాదు, ఒప్పుకుంటాను. అయినా చేయక్కర్లేని పని చేయకపోవడం ఇప్పటికీ లాభమే.

వేగం_ముఖ్యం

నా గీతల్లో చాలా భాగం విండోని అడ్డంగా దాటేవే. నా కొలతల్లో లియాంగ్-బార్స్కీయే ముందుంది. మీ గీతలకి మీరు కొలిచి చూడండి, నేను నా మాట మీదే ఉంటాను.

గ్రాఫ్‌రావు

నా కేసు కూడా చెప్పొచ్చా? నేను గ్రాఫులు గీస్తాను, అంకెలన్నీ int. గీతలు మాయం కావడం లేదు గానీ, విండోని పక్కకి జరుపుతుంటే గీత మధ్యలో పిక్సెళ్లు ఒక మెట్టు పైకీ కిందకీ వణుకుతున్నాయి. చూసేవాళ్లకి గీత కదులుతున్నట్టు అనిపిస్తోంది. కోడ్‌ల పరీక్షలన్నీ సరిగ్గానే ఉన్నాయి, `-Wall` తో ఒక్క హెచ్చరిక కూడా లేదు.

అంచుదగ్గర

కోసిన కొసని పూర్ణాంకానికి కుదించేసరికి గీత వాలే మారిపోతోంది. (0,0) నుంచి (1000,300) గీత తీసుకోండి. x = 500 దగ్గర y = 150 ఉండాలి. విండో ఎడమ అంచు 103 దగ్గర ఉంటే అసలు y 30.9. int భాగహారం దాన్ని 30 చేస్తుంది. ఇప్పుడు మీరు గీసేది (103,30) నుంచి (1000,300) వరకు. ఆ గీత x = 500 దగ్గర 149.498 కి వస్తుంది, పిక్సెల్ 149 లో పడుతుంది. విండోని ఒక్క పిక్సెల్ జరిపి అంచు 104 చేయండి, కొస (104,31) అవుతుంది, x = 500 దగ్గర 149.89, మళ్లీ 150 లో పడుతుంది. మీకు కనిపించే వణుకు ఇదే.

కుదించకుండా దగ్గరి పూర్ణాంకానికి సర్దితే వణుకు తగ్గుతుంది, పూర్తిగా పోదు. పూర్తిగా పోవాలంటే కోసిన కొసల మధ్య కొత్త గీత గీయకూడదు. అసలు గీత dx, dy లే ఉంచుకుని, లోపలికి వచ్చే పిక్సెల్ దగ్గర బ్రెసెన్‌హామ్ లోపం విలువ ఎంత ఉండాలో లెక్కించి అక్కడి నుంచి మొదలుపెట్టాలి. అప్పుడు విండో ఎక్కడున్నా అవే పిక్సెళ్లు వెలుగుతాయి.

ఇంకో జాగ్రత్త: తేడాల్ని గుణించే చోట రెండూ 46,340 దాటితే 32 బిట్ల int లో గుణకారం పట్టదు. బాగా జూమ్ చేసినప్పుడు ఆ అంకెలు తేలిగ్గా దాటతాయి. అక్కడ 64 బిట్లు వాడండి.

గ్రాఫ్‌రావు

ఎడమ, కుడి అంచుల దగ్గర చేశాను, వణుకు పూర్తిగా పోయింది! కానీ కింది అంచు నుంచి లోపలికి వచ్చే పడుకున్న గీతలకి మొదట్లో కొన్ని పిక్సెళ్లు లేవు. వాలు 0.05 ఉన్న గీతకి దాదాపు 10 పిక్సెళ్లు తగ్గాయి.

అంచుదగ్గర

కింది అంచు ymin వరసలో ఒక పిక్సెల్ వెలగడానికి గీత సరిగ్గా ymin చేరక్కర్లేదు, ymin - 0.5 చేరితే చాలు. మీరు ymin దగ్గర కోస్తున్నారు కాబట్టి ఆ అర పిక్సెల్ ఎక్కే లోపు వెలగాల్సినవి పోయాయి. 0.5 ని 0.05 తో భాగిస్తే 10, మీరు లెక్కపెట్టినదే. కింద ymin - 0.5 దగ్గర, పైన ymax + 0.5 దగ్గర కోయండి. నిటారు గీతలకి ఇదే పని ఎడమ, కుడి అంచుల దగ్గర చేయాలి. కోడ్‌లు ఇచ్చేటప్పుడు కూడా ఆ అంచులే వాడండి, లేకపోతే ఆ అర పిక్సెల్‌లో ఉన్న గీతని AND పరీక్షే ముందు వదిలేస్తుంది.

గ్రాఫ్‌రావు

పై, కింది అంచుల దగ్గర సరిపోయింది. మూలల దగ్గర ఇంకా ఒక పిక్సెల్ తేడా వస్తోంది, గీత ఒకేసారి రెండు అంచులకీ దగ్గరగా ఉన్నప్పుడు. ఏ అంచుకి 0.5 కలపాలో నాకు ఇంకా కుదరడం లేదు. రేపు అంకెలతో సహా పెడతాను.

సన్నగీత

నాదీ మూల ప్రశ్నే. (80,180) నుంచి (120,220) గీస్తే సరిగ్గా (100,200) మూల గుండా పోతుంది. నా ఫంక్షన్ దాన్ని తీసుకుని ఒక చుక్క గీస్తోంది. ఇది పాత తప్పు మిగిలిపోయిందా, లేక ఇలాగే రావాలా?

అంచుదగ్గర

తప్పు కాదు. మీరు కోడ్ ఇచ్చేటప్పుడు `<`, `>` వాడినట్టున్నారు, అంచు మీద ఉన్న బిందువు మీ లెక్కలో లోపలే. గీత ఆ ఒక్క బిందువు దగ్గర విండోని నిజంగానే తాకింది, కాబట్టి చుక్క న్యాయమైనదే. నేనైతే ఉంచుతాను.

వేగం_ముఖ్యం

నేనైతే పొడవు సున్నా అయితే వదిలేస్తాను. పక్కపక్కన రెండు విండోలు అదే అంచుని పంచుకుంటే ఆ చుక్క రెండింటిలోనూ పడుతుంది.

సన్నగీత

నావి అలా పక్కపక్కన ఉండే నాలుగు విండోలేనండీ. ప్రస్తుతానికి చుక్కని ఉంచి, నాలుగింటినీ కలిపి గీసి చూస్తాను.